తొమ్మిదీ ఎనిమిదీ కలిపితే ఒకటి

పామర్రు దాటాక రోడ్డు పక్కనున్న ఆ పాలిటెక్నిక్‌లో చదివిన వాళ్ళనెవరినైనా పట్టుకుని నాంచారమ్మ ఎవరని అడగండి. కాసేపు తల గోక్కుంటారు. వైర్లు ఇచ్చే మేడమ్ అనండి, వెంటనే గుర్తుపడతారు. పాతికేళ్ళు ఒకే గదిలో ఉద్యోగం చేసిన మనిషికి మిగిలిన పేరు అది. ఆవిడ దానికి నొచ్చుకోదు. నొచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా, అది అయిపోయి చాలాకాలమైంది.

వాళ్ళది బందరు పక్క గిలకలదిండి. తండ్రి పడవ మీద సముద్రానికి వెళ్ళేవాడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. ఆ ఇంట్లో రేడియో విప్పితే మళ్ళీ బిగించగలిగింది నాంచారమ్మ ఒక్కతే. ఆ ముచ్చట చూసి బళ్ళో మాస్టారు ఆవిణ్ణి బెజవాడ ఐటీఐలో చేర్పించాడు. ఎలక్ట్రానిక్స్ ట్రేడులో ఆ ఏడు ఆడపిల్ల ఆవిడ ఒక్కతే. చదువైంది, కోటితో పెళ్ళయింది, ఇక్కడ కాలేజీ కొత్తగా పెడితే డిజిటల్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది. అప్పట్లో వైర్లు గుచ్చి ప్రయోగాలు చేసే ట్రైనర్ కిట్లూ కొత్తవే, ఆవిడ మోకాళ్ళూ కొత్తవే. ఇప్పుడు రెండూ అరిగాయి. ల్యాబేమో రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పెడతామన్న ప్రిన్సిపాళ్ళు ముగ్గురు వచ్చి వెళ్ళారు.

ఆవిడ పని బయటివాళ్ళకి పని కిందే కనబడదు. పొద్దున్నే వచ్చి వైర్లు లెక్కబెట్టాలి. ఐసీలనే చిన్న చిప్పుల్ని ఒక్కొక్కటే టెస్టరులో పెట్టి బతికున్నవేవో చచ్చినవేవో చూడాలి. పరీక్షలకి ముందు ప్రతి ప్రయోగాన్నీ తనే ఒకసారి కలిపి, దీపాలు సరిగా వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి. అన్నీ సరిగా ఉంటే ఆవిడున్న సంగతే ఎవరికీ గుర్తురాదు. ఏదన్నా పాడైతే మాత్రం అందరి నోటా ఆవిడ పేరే.

అన్ని ప్రయోగాల్లోకీ ఆవిడకి మొదట్లో బాగా నచ్చింది బీసీడీ యాడర్. పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాస్తారు గానీ సంగతి చిన్నదే. రెండు అంకెలు ఇస్తే ఒక చిప్పు వాటిని కలిపి పెడుతుంది. జవాబు నాలుగు దీపాల్లో చూపిస్తుంది: ఎనిమిది దీపం, నాలుగు దీపం, రెండు దీపం, ఒకటి దీపం. నాలుగూ వెలిగితే పదిహేను. మనుషుల లెక్క తొమ్మిదితో ఆగిపోయి, పది రాగానే పక్క స్థానంలో ఒకటి వేసుకుంటుంది. చిప్పు అలా ఆగదు. పదిహేను దాకా తనలోనే ఉంచుకుని, పదహారు అయ్యాక గానీ పక్కకి ఒకటి పంపదు. గొడవంతా ఈ ఆరు తేడాతోనే.

పిల్లలకి ఆవిడ దీన్ని తన పద్ధతిలో చెప్పేది. "మా అమ్మ పది చేపలు పడగానే గంప మార్చేదిరా. ఈ చిప్పు మొండిది, పదహారు పడితే గానీ గంప మార్చదు. అందుకని జవాబు తొమ్మిది దాటిందా, ఇంకో ఆరు పడెయ్యండి. నిండిందనుకుని గంప మార్చేస్తది. కొత్త గంపలో మనకి కావలసినవే ఉంటాయి." ఏడూ ఆరూ పదమూడు. దానికి ఆరు కలిపితే పంతొమ్మిది. ఆరు కలిపే రెండో చిప్పు అందులోంచి పదహారు తీసేస్తే దీపాల్లో మూడు మిగులుతుంది. ఆరు కలపమని చెప్పే తీగే పదుల దీపాన్ని కూడా వెలిగిస్తుంది కాబట్టి, పక్కన ఒకటి, ఇక్కడ మూడు. పదమూడు సరిపోయింది.

మరి తొమ్మిది దాటిందని ఆ తీగకి ఎలా తెలుస్తుంది? ఎనిమిది దీపంతో పాటు నాలుగు గానీ రెండు గానీ వెలిగితే పది పైమాటే. అది కనిపెట్టడానికి, అవునో కాదో తేల్చే గేట్లు చిన్నవి రెండు మూడు చాలు. అయితే అక్కడితో పని అయిపోలేదు. తొమ్మిదీ ఎనిమిదీ కలిపామనుకోండి, పదిహేడు. చిప్పు పదహారుని తన పద్నాలుగో పిన్ను మీదుగా బయటికి పంపేసి, దీపాల్లో ఒకటి చూపిస్తుంది. ఆ ఒకటిని చూసి గేట్లు, ఒకటే కదా, తొమ్మిది దాటలేదు కదా అని చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. నిజానికి పది తీయవలసిన చోట పదహారు తీసింది చిప్పు. ఆరు తిరిగి వెయ్యాలి. అందుకే పద్నాలుగో పిన్ను నుంచి కూడా ఒక వైరు తెచ్చి, అది వెలిగినా సరే ఆరు కలపమని చెప్పాలి. ఆ వైరు లేకపోతే తొమ్మిదీ ఎనిమిదీ కలిపినప్పుడు ఒకటి వస్తుంది.

ఆ ఒక్క వైరూ తొమ్మిదేళ్ళ క్రితం ఈ కాలేజీలో పోయింది.

కాలేజీకి తనిఖీ బృందం వస్తుందని అప్పుడు ల్యాబు మాన్యువల్ కొత్తగా వేయించారు. వేయించింది శాఖాధిపతి వెంకటసుబ్బారావుగారు. ఆయన చెడ్డ మనిషి కాదు, తెలివితక్కువ మనిషి అసలే కాదు. ఆ నెలలో ఆయన నెత్తిన నలభై ఫైళ్ళున్నాయి. బొమ్మలు సరిగానే గీశాడు. జిరాక్సు షాపువాడు వాటిని చిన్నవి చేసి, బైండింగు కోసం కుడివైపు అంచు కత్తిరించాడు. బీసీడీ యాడర్ బొమ్మలో పద్నాలుగో పిన్ను నుంచి వచ్చే గీత, దాని గేటూ ఆ అంచులోనే ఉన్నాయి. ఎంత చక్కగా తెగిందంటే, అక్కడ ఏదో ఉండేదన్న అనుమానం కూడా రాదు. మాన్యువళ్ళు నలభై వచ్చాయి, ముద్రలు పడ్డాయి, అల్మారాలో కూర్చున్నాయి.

కొత్త మాన్యువల్ పెట్టుకుని నాంచారమ్మ ప్రయోగం కలిపి చూసింది. తొమ్మిదీ ఎనిమిదీ పెడితే ఒకటి వచ్చింది. చిప్పులు మూడు మార్చింది. మళ్ళీ ఒకటే. అప్పుడు తన పాత నోటుబుక్కు తీసి బొమ్మ పక్కన బొమ్మ పెట్టి చూస్తే సంగతి తెలిసింది. వెంటనే కిందికి దిగి ఆయన గదికి వెళ్ళింది.

"సార్, బీసీడీ యాడర్ బొమ్మలో ఒక వైరు పోయిందండి. పదిహేను దాటిన లెక్కలు తప్పొస్తున్నాయి."

ఆయన ఫైలు లోంచి తలెత్తలేదు. "ఇప్పుడా నాంచారమ్మగారూ? పొద్దున్నే మాన్యువల్ తనిఖీ వాళ్ళకి పంపేశాం కదా. తనిఖీ అయ్యాక చూద్దాం. అందాకా వచ్చే లెక్కలే ఇవ్వండి."

వచ్చే లెక్కలే ఇమ్మన్నాడు కదా, ఆవిడ ఒక అట్టముక్క మీద ఐదు లెక్కలు స్కెచ్చు పెన్నుతో గుండ్రంగా రాసి బల్ల మీద అంటించింది. రెండూ మూడూ. నాలుగూ ఐదూ. ఐదూ ఐదూ. ఆరూ ఏడూ. ఎనిమిదీ ఏడూ. అన్నిట్లోకీ పెద్ద జవాబు పదిహేను. తనిఖీ అయింది, వాళ్ళు కాలేజీని మెచ్చుకుని వెళ్ళారు. తర్వాత పరీక్షలొచ్చాయి. తర్వాత సెలవులు. రెండుసార్లు ఆయనకి గుర్తు చేసింది. మూడోసారి గుర్తు చేయడానికి సిగ్గేసింది. అడిగేకొద్దీ తప్పు ఆయనది కాకుండా తనదేమో అన్నట్టు ఆయన చూసేవాడు.

ఇలాంటి తప్పు ఇన్నేళ్ళు దాగిందంటే బయటివాళ్ళు నమ్మరు. లెక్కేసి చూడండి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ రెండు అంకెలు పెట్టినా మొత్తం వంద జతలు. వాటిలో పదహారూ ఆ పైనా వచ్చేవి ఆరే ఆరు. పైగా బల్ల మీద అట్టముక్క ఉందాయె. బయటి కాలేజీల నుంచి వచ్చే ఎగ్జామినర్లు ఎండన పడి వచ్చి, అట్టముక్క చూసి, అందులోదే ఒక లెక్క ఇచ్చి, దీపం చూసి సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. ఎప్పుడైనా ఒక పిల్ల తనంతట తను తొమ్మిదీ తొమ్మిదీ పెట్టుకుని "మేడమ్, రెండొచ్చిందేంటి?" అంటే నాంచారమ్మ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "కిట్టు ప్రాబ్లమమ్మా."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు ఎంతో నాంచారమ్మకి తెలుసు. గంప కథ మొదట్లో మొత్తం చెప్పేది. ఆ తర్వాత సగమే చెప్పేది. పదహారు దాటితే ఏమవుతుందన్న చోటు రాకముందే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది. కొన్నాళ్ళకి ఆ సగం కూడా మానేసింది. వైర్లు ఇచ్చి వైర్లు తీసుకుంటే పోలేదా అనుకుంది. ఇంటికి వెళ్తే పడవ మీద భుజం విరగ్గొట్టుకుని మంచం పట్టిన కోటి, అతని మందులు, వంట, నీళ్ళు. పొద్దున్న లేస్తే మళ్ళీ రెండంతస్తుల మెట్లు. ప్రతి జూన్‌లోనూ ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తూ కాగితం ఇస్తారు. దాని మీద వెంకటసుబ్బారావుగారి సంతకం ఉండాలి.

మొన్న ఏప్రిల్‌లో తప్పినవాళ్ళకి మళ్ళీ ల్యాబు పరీక్ష పెట్టారు. పదకొండు మంది వచ్చారు. అందులో మనోజ్ఞ ఒకతి. ఊరు మైలవరం. తెల్లారకుండా బయల్దేరి బెజవాడలో బస్సు మారి వచ్చింది. మిగతా సబ్జెక్టులన్నీ పోయినేడే పాసైంది. ఈ ఒక్క ల్యాబే మిగిలింది. ఇది పాసైతే గానీ డిప్లొమా చేతికి రాదు, డిప్లొమా లేకపోతే ఇంజనీరింగులో చేర్చుకోరు. పోయినేడు వచ్చిన సీటు ఇందుకే వదులుకుంది. ఈసారి కూడా తప్పితే ఇక చదువు మాట ఎత్తొద్దని తండ్రి ముందే చెప్పి పంపాడు. ఇదంతా వైర్లు తీసుకుంటూ తనే నాంచారమ్మకి చెప్పింది. భయమేస్తే వాగే రకం ఆ పిల్ల.

చీటీ తీస్తే బీసీడీ యాడర్ వచ్చింది. మాన్యువల్లో నేర్చుకున్న బొమ్మ గీసింది. ఇంటర్నల్ ఎగ్జామినర్ వెంకటసుబ్బారావుగారే. ఆయన బొమ్మ చూసి సంతకం పెట్టాడు. పిల్ల గంటలో వైర్లన్నీ కలిపి ఐదూ ఐదూ పెట్టి చూసుకుంది, పది వచ్చింది. చెయ్యెత్తింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేరు పాల్. బెజవాడలో ఏదో కాలేజీ. నలభై ఐదేళ్ళుంటాయి, మాటలు తక్కువ. వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. అట్టముక్క మీద రికార్డు పుస్తకం పడి ఉంది, దాన్ని ఆయన కదపలేదు.

"తొమ్మిదీ ఎనిమిదీ పెట్టమ్మా," అన్నాడు.

దూరంగా వైర్లు చుడుతున్న నాంచారమ్మ చేతులు ఆగిపోయాయి.

మనోజ్ఞ స్విచ్చులు వేసింది. పదుల దీపం వెలగలేదు. ఎనిమిది, నాలుగు, రెండు దీపాలు వెలగలేదు. ఒకటి దీపం మాత్రం వెలిగింది.

"ఒకటా?" అన్నాడు పాల్.

"ఐసీ పోయిందేమో సార్," అంది పిల్ల.

అలా అన్నప్పుడు ఒక పద్ధతుంది. టెక్నీషియన్ ఐసీలు తీసి టెస్టరులో చూడాలి. పోయినవైతే రిజిస్టరులో రాసి కొత్తవి ఇవ్వాలి. బాగున్నవైతే తప్పు విద్యార్థిది. వెంకటసుబ్బారావుగారు నాంచారమ్మ వైపు చూశాడు. "చూడండి నాంచారమ్మగారూ, ఐసీ పోయినట్టుంది." చెప్పమన్నది ఏమిటో ఆ చూపులో తేటగానే ఉంది.

ఆవిడ తీసి చూసింది. నాలుగు చిప్పులూ నిక్షేపంలా ఉన్నాయి. రిజిస్టరు తెరిచి 'ఒకటి పాడైంది' అని రాసింది. తొమ్మిదేళ్ళ అలవాటు, చెయ్యి ఆవిడని అడగలేదు. కొత్త చిప్పు పెట్టింది. ఇప్పుడైనా పాల్‌గారు ఇంకో లెక్క ఇస్తాడేమో, గండం గడిచిపోతుందేమో అనుకుంది.

"మళ్ళీ అదే పెట్టమ్మా. తొమ్మిదీ ఎనిమిదీ," అన్నాడు పాల్.

ఒకటి దీపం ఒక్కటే వెలిగింది.

పిల్ల బొమ్మ చూసుకుంది, వైర్లు చూసుకుంది, మళ్ళీ బొమ్మ చూసుకుంది. ఒక్కటీ తేడా లేదు. ఎలా ఉంటుంది?

వెంకటసుబ్బారావుగారు రికార్డు పుస్తకం పక్కకి జరిపి అట్టముక్క చూపించాడు. "సార్, మా ల్యాబులో ఈ లెక్కలు ఇస్తామండీ. ఇందులోది ఏదైనా ఇవ్వండి. పిల్ల దూరం నుంచొచ్చింది."

పాల్ అట్టముక్క మీదికి వంగి ఐదు లెక్కలూ చదివాడు. రెండోసారి చదివాడు. "పదిహేను దాటింది ఒక్కటీ లేదేంటండీ ఇందులో?" అన్నాడు. "ఎవరు రాశారిది?"

వెంకటసుబ్బారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పాల్ మార్కుల కాగితం తీశాడు. అవుట్‌పుట్ అన్న గడిలో సున్నా పడితే మిగతా గడుల్లో ఎంతొచ్చినా పాసు కాదు. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది నాంచారమ్మకే. ఎన్ని కాగితాలు చూసిందో. తెలియక ఊరుకున్నానని అనుకోవడానికి లేదు, చిన్నదాన్ని అనడానికీ లేదు. ఆవిడకి భయమేసింది. భయం కంటే ఎక్కువగా విసుగేసింది, తన మీద తనకే. ఈ బరువు ఇంక ఒక్క మెట్టు కూడా మొయ్యలేననిపించింది.

"నేనే రాశానండి," అంది. "బయటికొస్తే ఒక మాట చెప్పాలండి. ఈ పిల్ల ముందు చెబితే పరీక్షలో సాయం చేసినట్టవుద్ది."

పాల్ ఆవిడ వంక చూసి కలం మూత పెట్టాడు.

వరండాలో ముగ్గురూ నిలబడ్డారు. కింద ఎండలో సైకిల్ స్టాండు రేకులు మండిపోతున్నాయి. నాంచారమ్మ చెప్పాల్సింది చెప్పేసింది: జిరాక్సు అంచు, పోయిన వైరు, అట్టముక్క. "ఐసీలు నాలుగూ బాగున్నాయండి. పోయిందని ఇందాక నేను అబద్ధం రాశాను. బొమ్మే తప్పండి. ఈ పిల్ల తప్పు కలపలేదు, మేం ఇచ్చిన తప్పుని కరెక్టుగా కలిపింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళండి."

వెంకటసుబ్బారావుగారి మొహం జేవురించింది. "నాకు చెప్పాలి కదండీ ఈవిడ!" అన్నాడు పాల్‌తో. అన్నాక నాంచారమ్మ మొహం చూశాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

"మా కాలేజీలో ఇలాంటివి ఎన్నున్నాయో ఎవరు చూశారమ్మా. నేనూ ఈ వారం రెండు ల్యాబులు చూసొచ్చాను, ఆ రెండుచోట్లా ఇలా అడగలేదు. ఇక్కడే ఎందుకో నోటికొచ్చింది," అన్నాడు పాల్. తర్వాత గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట దాకా టైముంది. ఇరవై ఐదు నిమిషాలు. నేను వైరు సంగతి చెప్పను, మీరిద్దరూ చెప్పొద్దు. ఆరు ఎందుకు కలుపుతామో ఆ పిల్లకి నిజంగా తెలిస్తే దొరుకుద్ది. తెలియకపోతే సున్నా వెయ్యాల్సిందే. మాన్యువల్ సంగతి నా రిపోర్టులో రాస్తాను."

లోపలికొచ్చి మనోజ్ఞతో అన్నాడు, "బొమ్మలో ఉందని కలిపెయ్యడం కాదమ్మా. మొదటి చిప్పు ఏం చేస్తోందో చూసుకో. పదిహేడుని అది ఎలా చూపిస్తుందో ఆలోచించు."

మొదటి పది నిమిషాలు పిల్ల ఏడుస్తూ వృథా చేసింది. నాంచారమ్మ ఆ మూల స్టూలు మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటూ ఉంది. లేచి వెళ్ళి ఆ పద్నాలుగో పిన్ను మీద వేలు పెడితే అయిపోతుంది. అర నిమిషం పని. తొమ్మిదేళ్ళుగా ఏ పిల్లకి చెప్పినా ఎవరూ అడ్డుపడేవారు కాదు, అప్పుడు చెప్పలేదు. ఇవాళ చెప్పాలని నోరు పీకుతుంటే చెప్పడానికి లేదు. చేసిన దానికి శిక్ష అంటూ ఉంటే ఇదేనేమో అనుకుంది.

మనోజ్ఞ దుపట్టాతో మొహం తుడుచుకుని కాగితం మీద ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిదిని ఒకట్లూ సున్నాలుగా రాసింది, తొమ్మిదిని రాసింది, కలిపింది. జవాబుకి ఐదు స్థానాలు వచ్చాయి. దీపాలు నాలుగే. ఐదో ఒకటి ఎక్కడికి పోయిందని కాబోలు, కలం చివర నోట్లో పెట్టుకుని మొదటి చిప్పు వంక చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక వైరు తీసి, ఖాళీగా ఉన్న దీపానికి ఒక కొస పెట్టి, రెండో కొసతో చిప్పు పిన్నులు ఒక్కొక్కటే తడిమింది. పద్నాలుగో దాని దగ్గర దీపం వెలిగింది.

"అమ్మో," అంది పైకే. "పోయింది కాదు, బయటికెళ్ళింది."

గేట్ల చిప్పులో ఒక ఆర్ గేటు ఖాళీగా ఉంది. పాత తీగ విప్పి దాన్ని ఆ గేటులో ఒకవైపు, పద్నాలుగో పిన్ను వైరుని రెండోవైపు పెట్టింది. రెండింట్లో ఏది వెలిగినా ఆరు కలిసేలా గేటు నుంచి కొత్త తీగ లాగి రెండో చిప్పుకీ పదుల దీపానికీ ఇచ్చింది. తొందరలో ఒకసారి తప్పు రంధ్రంలో గుచ్చింది, పీకి మళ్ళీ గుచ్చింది. ఒంటిగంటకి మూడు నిమిషాలుండగా చెయ్యెత్తింది.

పదుల దీపం వెలిగింది. నాలుగు, రెండు, ఒకటి దీపాలు వెలిగాయి. పదిహేడు.

"తొమ్మిదీ తొమ్మిదీ," అన్నాడు పాల్. పద్దెనిమిది వచ్చింది. "ఆరూ ఏడూ." పదమూడు వచ్చింది. "రెండూ మూడూ." పదుల దీపం ఆరిపోయి ఐదు వచ్చింది. ఆయన మార్కులు వేసి సంతకం పెట్టాడు. కాగితం కనబడకుండానే పిల్లకి తెలిసిపోయింది.

రెండింటికి అందరూ వెళ్ళిపోయారు. వెంకటసుబ్బారావుగారు గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. "ఇన్నేళ్ళు ఊరుకున్నారు కదండీ. ఇంకో గంట ఊరుకుంటే ఏం పోయేది," అన్నాడు. కోపంగా కూడా కాదు, అలసిపోయినట్టు. జూన్ కాగితం సంగతి నాంచారమ్మకి అప్పుడే అర్థమైంది. మెట్లు దిగుతున్న ఆయన చెప్పుల చప్పుడు చివరిదాకా వింటూ కూర్చుంది.

మనోజ్ఞ వైర్లు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఒక్కొక్కటే చుట్టి రంగుల వారీగా పెడుతోంది. సంతోషం పట్టలేక మళ్ళీ వాగుడు మొదలైంది. "మీరు ఐసీ మార్చారు కాబట్టి సరిపోయింది మేడమ్. పాతదే ఉంటే ఎంత చూసినా దొరికేది కాదు. మీ రుణం తీర్చుకోలేను."

నాంచారమ్మ చుట్టిన వైర్లు తీసి డబ్బాలో వేసింది.

"పోయినసారి మీరు లేరుగా మేడమ్. ఎవరో కొత్తాయన ఉన్నారు."

పోయినసారి పరీక్షలప్పుడు నాంచారమ్మ కోటి భుజానికి ఆపరేషనని గుంటూరు ఆస్పత్రిలో ఉంది. "ఆఁ, సెలవులో ఉన్నా," అంది.

"అప్పుడూ ఇదే చీటీ వచ్చింది నాకు. పరీక్షకొచ్చిన సారు తొమ్మిదీ తొమ్మిదీ ఇచ్చారు, రెండొచ్చింది. ఆ కొత్తాయన ఐసీ చూసి బాగానే ఉందన్నారు. నేనే ఎక్కడో తప్పు కలిపానని సున్నా వేశారు. సీటు పోయిందిగా మేడమ్, ఏడాదంతా ఇంట్లో కూర్చుని ఆ బొమ్మ ఎన్నిసార్లు వేశానో తెలుసా? కళ్ళు మూసుకున్నా వేసేదాన్ని. ఒక్క తప్పూ కనబడేది కాదు. నా బుర్రలోనే ఏదో లోపం ఉందనుకున్నా. నాన్న కూడా అదే అన్నాడు." ఇది కూడా నవ్వుతూనే చెప్పింది, గట్టెక్కినవాళ్ళు చెప్పినట్టు.

ఇన్నాళ్ళూ నాంచారమ్మ ఈ తప్పుని ఒక వైరు అనుకుంది, ఒక అట్టముక్క అనుకుంది. దీనికి ఒక మొహం ఉంటుందనీ, అది ఎదురుగా కూర్చుని తనకే దణ్ణాలు పెడుతుందనీ అనుకోలేదు. ఊరుకోవచ్చు. పిల్ల సంతోషంగా బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఊరుకోవడం ఎలాగో తనకి చెప్పక్కర్లేదు.

"కూర్చో అమ్మా," అంది. "ఐసీ బాగానే ఉంది ఇవాళ. నేను ఉత్తినే మార్చా. పోయినేడు నువ్వు తప్పు కలపలేదు. నీ బుర్రలో లోపం లేదు. మేమిచ్చిన బొమ్మలోనే ఆ వైరు లేదు. నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నా."

మనోజ్ఞ చేతిలో వైరు సగం చుట్టి ఉంది. "ఎప్పట్నుంచి తెలుసు మేడమ్?"

"తొమ్మిదేళ్ళు."

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. కోపం కోసం వెతుక్కుంటున్నట్టు, అది ఇంకా దొరకనట్టు చూసింది. తర్వాత వైరు బల్ల మీద పెట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తాను మేడమ్ అనలేదు.

అనకపోవడమే న్యాయం అనుకుంది నాంచారమ్మ. అయినా ఆ పిల్ల గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరుగుతుందేమోనని చూసింది. తిరగలేదు.